రిపేర్లలోకి వెళ్లిన గోడౌన్ అద్దె

ప్రశ్న: నేను విజయవాడ ఆటోనగర్‌లో ఒక భాగస్వామ్య సంస్థలో అకౌంటెంట్‌ని. టర్నోవర్ 4 కోట్ల లోపే, ట్యాక్స్ ఆడిట్ లేదు. గోడౌన్ అద్దె నెలకు 28,000. మూడు నెలలది కలిపి 84,000 ఒకేసారి ఇస్తాం. 2025 జనవరి 13న ఇచ్చిన అద్దెను టాలీలో Godown Rent బదులు Godown Repairs లో వేసేశాను. టీడీఎస్ మాత్రం పది శాతం సరిగ్గానే కట్ చేసి ఓనర్ పాన్ మీద కట్టాం. లెక్కలు క్లోజ్ చేశారు, పార్టనర్లు సంతకాలు పెట్టారు, సెప్టెంబర్‌లో రిటర్న్ కూడా వేశారు. మొన్న మా పెద్ద పార్టనర్ గారు "ఒక్క షట్టర్ మార్చినందుకు లక్షా పాతిక వేలు రిపేరా?" అని అడిగితే అప్పుడు బయటపడింది. గోడౌన్ ఓనర్‌కి జీఎస్టీ లేదు, కిందటేడు అక్టోబర్ నుంచి అద్దె మీద జీఎస్టీని ఓనర్ బదులు ఆర్‌సీఎం కింద మేమే కడుతున్నాం. ఇప్పుడు నవంబర్. ఈ నెలలో జర్నల్ వేసి సరిచేయనా? సార్ అయితే "పాత వోచర్ తెరిచి మార్చెయ్, ఎవరు చూస్తారు" అంటున్నారు. చాలా టెన్షన్‌గా ఉంది.

సమాధానం: జర్నల్ వేయకండి, పాత వోచర్ జోలికీ వెళ్లకండి. ఈ తప్పుకు ఈ ఏడాది పుస్తకాల్లో ఎంట్రీ ఏమీ అక్కర్లేదు. అయితే మీరు అడగని చోట ఒక చిక్కు ఉంది, దానికి మాత్రం ఈ నెలలోనే డబ్బు కట్టాల్సి రావచ్చు. ముందు ఎంట్రీ సంగతి చూద్దాం.

మీరు వేద్దామనుకుంటున్న జర్నల్ ఇలా ఉంటుంది:

```
Godown Rent           Dr  84,000
   To Godown Repairs      84,000
```

పోయిన మార్చిలోపు అయితే వేయాల్సింది సరిగ్గా ఇదే. ఇప్పుడు ఎందుకు పనికిరాదంటే, ఖర్చు ఖాతాలకు ఏడాది దాటితే నిల్వ అనేది ఉండదు. మార్చి 31న రిపేర్లలో ఉన్న 1,25,500, అద్దెలో ఉన్న 2,52,000 రెండూ లాభనష్టాల ఖాతాలోకి వెళ్లి, అక్కడి నుంచి లాభంగా మారి పార్టనర్ల మూలధనంలో కలిసిపోయాయి. ఏప్రిల్ 1న రెండు లెడ్జర్లూ సున్నాతో మొదలయ్యాయి. అంటే మీరు రిపేర్లలోంచి తీద్దామనుకుంటున్న 84,000 ఇప్పుడు ఆ ఖాతాలో లేదు. లేని చోట నుంచి తీస్తే, తీసేది ఈ ఏడాది ఖర్చులోంచే.

ఒకసారి అంకెలు పెట్టి చూడండి. ఈ ఏడాది ఇప్పటివరకు మూడు త్రైమాసికాల అద్దె 2,52,000 ఇచ్చి ఉంటారు. రిపేర్లు ఒక 31,700 అయ్యాయనుకుందాం. పై జర్నల్ వేయగానే రిపేర్ల ఖాతా 52,300 క్రెడిట్ నిల్వ చూపిస్తుంది, అంటే మీ గోడౌన్ రిపేర్ల మీద మీకు ఆదాయం వచ్చినట్టు. మార్చి వచ్చేసరికి అద్దె 3,36,000 ఉండాల్సింది 4,20,000 అవుతుంది. పోయినేడు ఒక్క ఏడాది లెక్కే తేడాగా ఉంది, ఈ జర్నల్‌తో రెండేళ్ల లెక్కలూ తేడాగా తయారవుతాయి. అది కూడా ఎదురు దిక్కుల్లో. పోయినేడు అద్దె తక్కువ, ఈ ఏడాది ఎక్కువ.

ఇది నేను పుస్తకంలో చదివి చెప్పడం లేదు. ఉద్యోగంలో చేరిన కొత్తలో నేనూ ఇలాంటి జర్నలే వేశాను. కరెంటు బిల్లు ఒకటి టెలిఫోన్ ఖాతాలో పడితే మరుసటి ఏడాది మేలో తిరగేశాను. ఆ ఏడాది సీసీ లిమిట్ రెన్యువల్‌కి కాగితాలు ఇస్తే బ్యాంకులో ఆఫీసర్ గారు టెలిఫోన్ ఖర్చు దగ్గర వేలు పెట్టి, "ఇదేంటండీ, ఫోన్ కంపెనీ మీకే ఎదురిచ్చిందా?" అన్నారు. పక్కనే మా ఓనర్ కూర్చుని ఉన్నారు. ఆ రోజు మధ్యాహ్నం భోజనం సహించలేదు నాకు.

ఇక మీ సార్ చెప్పిన దారి. టాలీలో 13-1-2025 నాటి వోచర్ తెరిచి లెడ్జర్ మార్చేస్తే పైకి ఏమీ తెలియదు, నిజమే. నికర లాభం మారదు, బ్యాలెన్స్ షీట్‌లో ఒక్క అంకె కదలదు. అందుకే చాలామందికి ఇది హాయిగా అనిపిస్తుంది. కానీ సంతకాలు పెట్టిన లాభనష్టాల ఖాతాలో రిపేర్లు 1,25,500 అని ఉంది, రిటర్న్‌లోనూ అదే అంకె వెళ్లింది. రేపు నోటీసు వచ్చి లెడ్జర్ ప్రింట్ అడిగితే మీ టాలీ 41,500 చూపిస్తుంది. అప్పుడు మీరు చెప్పుకోవాల్సింది హెడ్ తప్పు గురించి కాదు, క్లోజ్ చేసిన పుస్తకాలు ఎందుకు మార్చారన్న దాని గురించి. మొదటిది పొరపాటు అంటే ఎవరైనా ఒప్పుకుంటారు. రెండోదానికి అంత తేలిగ్గా జవాబు దొరకదు. మీది భాగస్వామ్య సంస్థ కాబట్టి సరిపోయింది. అదే కంపెనీ అయితే 2023 ఏప్రిల్ 1 నుంచి, ప్రతి మార్పునూ తేదీతో సహా నమోదు చేసే సాఫ్ట్‌వేర్‌లోనే లెక్కలు రాయాలి, ఆ నమోదును ఆపే వీలు కూడా ఉండకూడదు. పాత వోచర్ ముట్టుకుంటే ఎవరు, ఎప్పుడు, ఏం మార్చారో అక్కడే పడి ఉంటుంది.

మరి ఏం చేయాలి? ఒక కాగితం రాయండి. "13-1-2025 నాటి ఫలానా నంబర్ పేమెంట్ వోచర్‌లో గోడౌన్ అద్దె 84,000 పొరపాటున గోడౌన్ రిపేర్ల ఖాతాలో నమోదైంది, లాభంలో తేడా లేదు, ఫలానా తేదీన గమనించాం" అని రాసి, బ్యాంకు స్టేట్‌మెంట్‌లో ఆ చెల్లింపు ఉన్న పేజీ, అద్దె ఒప్పందం కాపీ జతచేసి, పార్టనర్ గారితో సంతకం పెట్టించి 2024-25 ఫైల్లో పెట్టండి. ఒక కాపీ మీ సీఏ గారికి ఇవ్వండి. వచ్చే మార్చిలో 2025-26 లెక్కలు తయారయ్యేటప్పుడు పక్కన గత సంవత్సరం అంకెల వరుస ఉంటుంది కదా, అక్కడ అద్దె 3,36,000, రిపేర్లు 41,500 అని వేయించి, కింద నోట్స్‌లో గత సంవత్సరం అంకెలు తిరిగి వర్గీకరించామని, ఎంత మొత్తం ఎక్కడి నుంచి ఎక్కడికి మారిందో ఒక వాక్యం రాయించండి. హెడ్ మారిన తప్పును సరిచేసే చోటు అదే. పోల్చి చూసేవాళ్లకు రెండేళ్ల అద్దె ఒకేలా కనిపిస్తుంది, ఏ లెడ్జర్‌లోనూ అబద్ధపు అంకె ఉండదు.

ఇన్‌కమ్ ట్యాక్స్ రిటర్న్‌లో అద్దె, బిల్డింగ్ రిపేర్లు వేర్వేరు గడులే. మీరు టీడీఎస్ రిటర్న్ 26Q లో చూపిన అద్దె 3,36,000, రిటర్న్‌లో చూపిన అద్దె 2,52,000. ఈ తేడా ఎవరైనా అడగవచ్చు. రిటర్న్‌ను రివైజ్ చేయడానికి 2025 డిసెంబర్ 31 వరకు సమయం ఉంది. కానీ ఆదాయం మారదు, పన్ను మారదు. కేవలం ఈ గడి కోసమైతే నేను రివైజ్ చేయించను. పై కాగితం ఫైల్లో ఉంటే చాలు. వేరే కారణంతో ఎలాగూ రివైజ్ చేస్తున్నారంటే మాత్రం దీన్నీ అందులో కలిపేయమనండి.

ఇప్పుడు మీరు అడగని చిక్కు. ఆర్‌సీఎం మేమే కడుతున్నాం అన్నారు. మంచిది. జీఎస్టీ లేని ఓనర్ దగ్గర జీఎస్టీ ఉన్నవాళ్లు వ్యాపారానికి కట్టడం అద్దెకు తీసుకుంటే, 2024 అక్టోబర్ 10 నుంచి 18 శాతం పన్ను అద్దెకున్నవాళ్లే కట్టాలి. కానీ ప్రతి నెలా ఆ అంకె ఎక్కడి నుంచి తీస్తున్నారు? నేను చూసిన ఆఫీసుల్లో ఎక్కువ చోట్ల Godown Rent లెడ్జర్ తెరిచి, ఆ నెలలో ఏమైనా పడిందా అని చూసి, దాని మీద 18 శాతం వేస్తారు. మీరూ అలాగే చేస్తుంటే జనవరిలో ఆ లెడ్జర్ ఖాళీగా కనిపించి ఉంటుంది. ఎందుకంటే అద్దె పక్క లెడ్జర్‌లో ఉంది కాబట్టి. అప్పుడు 84,000 మీద 15,120 కట్టకుండా మిగిలిపోయినట్టే.

ముందు 2025 జనవరి నెల జీఎస్టీ రిటర్న్ GSTR-3B తెరిచి టేబుల్ 3.1(d) చూడండి. అక్కడ 84,000 ఉంటే మీకే సమస్యా లేదు, ఈ భాగం వదిలేసి కిందికి వెళ్లండి. లేకపోతే ఏం చేయాలో చెబుతాను.

ఇలాంటి ఓనర్ బిల్లు ఇవ్వడు కాబట్టి ఆర్‌సీఎం బిల్లు మీరే మీ పేరుతో రాసుకోవాలి. ఆ నెలది రాయలేదు కాబట్టి ఈరోజు తేదీతో రాయండి, జనవరి తేదీ వేయకండి. అందులో ఏ కాలపు అద్దో, ఎప్పుడు చెల్లించారో స్పష్టంగా రాయండి. ఆ 15,120ని నవంబర్ 3B లో 3.1(d) కింద చూపి, నగదు లెడ్జర్ నుంచి కట్టండి. ఆర్‌సీఎంకి క్రెడిట్ లెడ్జర్ పనికిరాదు, డబ్బే కట్టాలి. కట్టిన మొత్తాన్ని అదే 3B లో 4(A)(3) దగ్గర ఇన్‌పుట్‌గా తీసుకోవచ్చు.

ఇక్కడ చాలామందికి అనుమానం వస్తుంది. పోయినేడు అద్దెకు ఇన్‌పుట్ గడువు నవంబర్ 30తో అయిపోతుంది కదా, మరి డిసెంబర్‌లో వేసే 3B లో ఎలా తీసుకుంటాం అని. జీఎస్టీ లేనివాళ్ల దగ్గర తీసుకున్న సేవకు, మీరు రాసుకున్న బిల్లు ఏ ఆర్థిక సంవత్సరంలో ఉందో ఆ సంవత్సరాన్నే గడువుకు లెక్కలోకి తీసుకోవాలని 2024 జూన్ 26 నాటి 211 నంబర్ సర్క్యులర్ చెప్పింది. కాబట్టి ఇన్‌పుట్ పోదు. బిల్లు ఆలస్యంగా రాసినందుకు పెనాల్టీ వేసే అవకాశం ఉందని కూడా అదే సర్క్యులర్‌లో ఉంది. ఆ సంగతి మీ సీఏ గారికి ముందే చెప్పి ఉంచండి.

వడ్డీ మాత్రం తప్పదు. జనవరి 3B గడువు ఫిబ్రవరి 20. డిసెంబర్ 20న కడితే మధ్యలో 303 రోజులు. 15,120 మీద ఏడాదికి 18 శాతం చొప్పున సుమారు 2,259 రూపాయలు. దీనికి ఇన్‌పుట్ రాదు, ఈ ఏడాది ఖర్చులో వడ్డీగా వేసుకోండి. చూశారా, హెడ్ తప్పు వల్ల లాభంలో రూపాయి తేడా లేదనుకున్నాం, కానీ దాని వెనకాలే రెండు వేల పైచిలుకు వచ్చింది. ఇంకో మాట, టర్నోవర్ 2 కోట్లు దాటి ఉంటే 2024-25 జీఎస్టీ వార్షిక రిటర్న్ మీరూ వేయాలి, దానికీ గడువు డిసెంబర్ 31. అది తయారయ్యే ముందే ఈ విషయం సీఏ గారి చెవిన వేయండి.

టీడీఎస్ విషయంలో మీకు అదృష్టం బాగుంది. హెడ్ తప్పుగా ఎంచుకున్నా ఓనర్ పేరు చూసి పది శాతం కట్ చేశారు. రిపేర్లు అనుకుని కాంట్రాక్టర్ లెక్కన ఒక శాతమే కట్ చేసి ఉంటే కథ ఇంకా పెద్దదయ్యేది.

ఇక ఎంట్రీ ఎప్పుడు వేయాలి అన్నది కూడా చెప్పాలి, లేకపోతే "క్లోజ్ అయ్యాక దేనికీ ఎంట్రీ వద్దు" అని మీ ఆఫీసులో ప్రచారం అవుతుంది. మీ కేసులో రెండు ఖాతాలూ ఖర్చులే కాబట్టి లాభం కదలలేదు. రెండింటిలో ఒకటి బ్యాలెన్స్ షీట్‌లో ఉండాల్సిన ఖాతా అయితే సంగతి వేరు. ఉదాహరణకు ఆ 84,000 అద్దె కాదు, గోడౌన్ ఖాళీ చేసినప్పుడు తిరిగొచ్చే అడ్వాన్స్ అనుకోండి. దాన్ని ఖర్చులో వేస్తే పోయినేడు లాభం 84,000 తగ్గింది. ఓనర్ దగ్గర మీకు రావాల్సిన డబ్బు మీ పుస్తకాల్లో ఎక్కడా లేదు. ఆ తప్పు మార్చి 31తో సున్నా అయిపోదు, ఇప్పటికీ బ్యాలెన్స్ షీట్‌లో లోటుగా కూర్చుని ఉంటుంది. దానికి ఈ ఏడాది తేదీతో ఎంట్రీ వేసి తీరాలి:

```
Godown Rent Deposit      Dr  84,000
   To Prior Period Items     84,000
```

గమనించారా, క్రెడిట్ చేసింది అద్దె ఖాతాను కాదు. అద్దెను క్రెడిట్ చేస్తే ఈ ఏడాది అద్దె మళ్లీ తప్పు చూపిస్తుంది. గత సంవత్సరాల సర్దుబాటు అని వేరే ఖాతా పెట్టి, లాభనష్టాల ఖాతాలో దాన్ని వేరే వరుసలో చూపించాలి. చూసేవాళ్లకు ఇది ఈ ఏడాది సంపాదన కాదని అర్థం కావాలి. మధ్యలో పార్టనర్ ఎవరైనా మారినా, వాటాలు మారినా ఆ మొత్తం పాత వాటాల ప్రకారమే పంచాలి. ఇది మర్చిపోయి తగువులు పడ్డ సంస్థలు ఉన్నాయి.

అలాంటి కేసులో రిటర్న్ రివైజ్ చేయడం మన ఇష్టానికి వదిలేసే విషయం కాదు. సంస్థకు పన్ను 30 శాతం, దాని మీద 4 శాతం సెస్ కలిపితే 84,000 మీద 26,208 తక్కువ కట్టినట్టు. డిసెంబర్ 31 లోపు రివైజ్ చేస్తే ఆ పన్ను, దాని మీద వడ్డీతో పోతుంది. అది దాటితే అప్‌డేటెడ్ రిటర్న్ వేయాలి, అసెస్‌మెంట్ సంవత్సరం ముగిసిన ఏడాది లోపు వేసినా పన్ను, వడ్డీల మొత్తం మీద ఇంకో 25 శాతం అదనంగా కట్టాలి. ఇలా పోయినేటి ఆదాయంలో చూపించి పన్ను కట్టేశాక, ఈ ఏడాది లాభనష్టాల ఖాతాలో కూడా ఆ 84,000 కనిపిస్తుంది కాబట్టి, ఈ ఏడాది ఆదాయం లెక్క వేసేటప్పుడు దాన్ని తీసేయమని సీఏ గారికి గుర్తు చేయాలి. లేకపోతే ఒకే డబ్బు మీద రెండుసార్లు పన్ను కడతారు. ఏడాది మారాక ఎంట్రీ ఎందుకు వేశామో ఎవరికీ గుర్తుండదు, అందుకే ఆ వోచర్ నెరేషన్‌లోనే పోయినేటి రిటర్న్ రివైజ్ చేసిన తేదీ రాసిపెట్టుకోవాలి.

మీ తప్పు అసలు ఎలా జరిగిందో నాకు ఊహించడం కష్టం కాలేదు. టాలీలో Godown R అని కొట్టగానే Godown Rent, దాని కిందే Godown Repairs వస్తాయి. కింది బాణం ఒక్కసారి ఎక్కువ నొక్కితే చాలు. ఇంత చిన్న తప్పు ఏడాదంతా దొరక్కపోవడానికి కారణం బ్యాంకు నిల్వ సరిపోవడం, ట్రయల్ బ్యాలెన్స్ సరిపోవడం, టీడీఎస్ చలానా సరిపోవడం. ఇవేవీ హెడ్ తప్పును పట్టుకోలేవు. పట్టుకునేది ఒక్కటే, ఖాతాలో ఎన్ని నెలల ఖర్చు ఉందో లెక్కపెట్టడం. మార్చిలో అద్దె లెడ్జర్ తెరిచి నాలుగు చెల్లింపులు ఉండాల్సిన చోట మూడే ఉన్నాయని చూస్తే అప్పుడే తెలిసిపోయేది. టీడీఎస్ రిజిస్టర్‌లో అద్దె మొత్తం 3,36,000ని లెడ్జర్‌లోని 2,52,000 పక్కన పెట్టినా తెలిసేది. అద్దె, కరెంటు, ఇన్సూరెన్స్, వడ్డీ లాంటి క్రమం తప్పకుండా వచ్చే నాలుగైదు ఖాతాలకు ఇది చేయడానికి పావుగంట చాలు.

పాత సంవత్సరం తేదీలతో ఎవరూ వోచర్లు వేయకుండా, మార్చకుండా టాలీలో యూజర్ రోల్‌కి గడువు తేదీ పెట్టుకోవచ్చు. మీ సార్ లాగిన్‌కి కూడా పెట్టండి, ఆయన్ని అడిగే పెట్టండి. అలాగే రిపేర్ల లెడ్జర్ పేరును Repairs - Godown అని మార్చండి. పేరు మారినంత మాత్రాన పాత అంకెలు కదలవు. రేపు ఏప్రిల్‌లో అద్దె వేస్తూ Godown R అని కొట్టినప్పుడు జాబితాలో Godown Rent ఒక్కటే రావాలి.